గాండాల్ఫ్ షైర్ దాకా ఎందుకు రాలేదు?

ప్రశ్న: ఫాంటసీ కథలన్నిట్లో గురువు, గడప దగ్గర అడ్డుపడేవాడు, చివర్లో ఇంటికి తిరిగిరావడం ఉంటాయంటారు. నిజంగా ఉంటాయా, విమర్శకులు అంటించినవా?

ఉంటాయి. కాకపోతే అందరూ గురువు గురించే ఊదరగొట్టి, ఆ మూడోదాన్ని గాలికొదిలేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక స్క్రిప్ట్ వర్క్‌షాపుకి వెళ్ళాను. ఫీజు బాగానే గుంజారు, భోజనానికి మాత్రం చల్లారిన పులిహోర. గోడ మీద హీరో ప్రయాణాన్ని మెట్టుమెట్టుగా చూపించే పన్నెండు గళ్ళ చార్టు. పాఠం చెప్పేవాడు పదకొండు గళ్ళకి పూటంతా తీసుకుని, చివరిదాని దగ్గరకొచ్చేసరికి "ఇదేముందండీ, హీరో ఇంటికొస్తాడు, శుభం కార్డు" అన్నాడు. నేను చెయ్యెత్తి, టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సంగతేంటి అన్నాను. "చూశాను, చివర్లో అందరూ ఏడుస్తారు" అన్నాడు. సినిమా కాదు మహాప్రభో, పుస్తకం అనేలోపే టీ బ్రేక్ ఇచ్చేశాడు. అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ చెప్తున్నాను.

లోకాన్ని పీడించే మాయ ఉంగరం నాశనమైపోయాక ఫ్రోడో, శామ్, మెర్రీ, పిప్పిన్ అనే నలుగురు హాబిట్లూ, అంటే పొట్టి మనుషులు, తమ సొంత ప్రాంతం షైర్‌కి ఇంటిదారి పడతారు. ఇక షైర్ దగ్గర పడుతుందనగా వాళ్ళకి గురువులాంటి మాంత్రికుడు గాండాల్ఫ్ ఆగిపోతాడు. నేను రాను, మీ ఊరి సంగతి మీరే చక్కబెట్టుకోండి, ఇన్నాళ్ళూ మీకు శిక్షణ అయింది దీనికే అని చెప్పి, వేరే దారిన అడవిలో ఉండే టామ్ బాంబడిల్‌ని చూడ్డానికి పోతాడు. గురువు పాత్ర పని నాకు ఇక్కడే పూర్తిగా అర్థమైంది. మధ్యలో మోరియా గనుల్లో ఆయన అగాధంలోకి పడిపోవడం అందరికీ గుర్తే, కానీ అది ప్రమాదం. ఇది కావాలని తప్పుకోవడం.

వీళ్ళు చీకటిపడ్డాక షైర్‌లోకి వెళ్ళే బ్రాండీవైన్ వంతెన దగ్గరికొస్తారు. ఎప్పుడూ లేనిది, అక్కడ ముళ్ళు బిగించిన పెద్ద గేటు. పొద్దుగూకితే లోపలికి రానివ్వం అంటారు కాపలావాళ్ళు. అన్నది ఏ రాక్షసులో కాదు, తోటి హాబిట్లే. వాళ్ళలో ఒకడు మెర్రీకి తెలిసినవాడే! గేటెక్కి దిగితే అవతల ఉన్న పెత్తందారు ఎవరు? బిల్ ఫెర్నీ. మొదట్లో బ్రీ ఊరు దాటి వెళ్ళేటప్పుడు, తిండిలేక చిక్కిపోయిన బక్క పోనీని మూడింతల ధరకి అంటగట్టినవాడు. శామ్ యాపిల్ విసిరి ముక్కు మీద కొట్టింది వీణ్ణే. వెళ్ళేటప్పుడు గడప దగ్గర నిలబడ్డవాడే వచ్చేటప్పుడు సొంతూరి గడప మీద తగలడ్డాడు. వెళ్ళేటప్పుడు వాడడిగిన ధర సత్రం యజమాని ఇస్తే గానీ బయటపడలేదు. ఇప్పుడు మెర్రీ ఒక్క మాటతో తరిమేస్తాడు. పారిపోతుంటే అదే పోనీ వెనక కాళ్ళతో ఒక్క తాపు తంతుంది. హీరో మారాడని ఉపన్యాసం అక్కర్లేదు, ఆ తాపు చాలు.

లోపల అసలు పరీక్ష. సత్రాలు మూసేశారు, గోడల నిండా రూల్సు, పంట బాగానే పండుతుంది కానీ ఎటు పోతోందో ఎవరికీ తెలీదు. మర్నాడు వీళ్ళని అరెస్టు చేసినప్పుడు చదివిన నేరాల్లో కాపలావాళ్ళకి తిండి లంచమివ్వడం కూడా ఉంది. చివరికి ఊరిని పట్టుకున్న రౌడీలతో యుద్ధమే జరుగుతుంది, పంతొమ్మిది మంది హాబిట్లు చనిపోతారు. ఫ్రోడో మాత్రం కత్తి దూయడు, లొంగినవాళ్ళని చంపొద్దని అడ్డుపడుతూ తిరుగుతాడు.

ఇక మీ ప్రశ్నలో "అంటించినవా" అన్న ముక్క. ఈ నమూనాని ప్రచారంలోకి తెచ్చిన జోసెఫ్ క్యాంప్‌బెల్ పుస్తకం 1949లో వచ్చింది. టోల్కీన్ కథ 1954-55లో అచ్చయినా, క్యాంప్‌బెల్ పుస్తకం వచ్చేసరికే దాదాపు రాసేశాడు. కాబట్టి చార్టు చూసి రాసింది కాదు. చార్టుకి పూర్తిగా అతకదు కూడా. క్యాంప్‌బెల్ లెక్కలో తిరిగొచ్చినవాడు రెండు లోకాల్లోనూ హాయిగా మసలాలి. ఆ లెక్కకి సరిపోయేది శామ్: ఎల్ఫ్‌ల దొరసాని గలాడ్రియెల్ ఇచ్చిన మట్టి చల్లి ఊరంతా మళ్ళీ చెట్లు మొలిపిస్తాడు, పెళ్ళి చేసుకుని స్థిరపడతాడు. ఫ్రోడోకి మాత్రం ఆ ప్రయాణంలో కత్తిపోటు తగిలిన రోజున, సాలీడు కుట్టిన రోజున ఏటా జబ్బు చేస్తుంది. షైర్‌ని కాపాడాను గానీ అది నా కోసం కాదు అని శామ్‌తో చెప్పి ఓడ ఎక్కేస్తాడు.

గురువంటే మంచివాడే అయ్యుండాలన్నది ఇంకో చార్టు రోగం. పాతాళ భైరవిలో తోట రాముణ్ణి గుహ దాకా నడిపించిన మాంత్రికుడు వాణ్ణి బలివ్వడానికే తీసుకెళ్ళాడు. అడ్డొచ్చిన మొసలే చచ్చి, ఆడమనిషై ఆ కుట్ర బయటపెట్టింది. ఎవరు గురువు, ఎవరు అడ్డు?

ఇక లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ముగింపు భాగంగా 2003లో వచ్చిన సినిమా. మూడు గంటల ఇరవై నిమిషాలు తీశారు, ముగింపు మీద ముగింపు పెట్టారు, ఈ గేటు మాత్రం లేదు. హాబిట్లు గుర్రాలెక్కి నింపాదిగా ఊళ్ళోకొస్తారు, ఊరు చెక్కుచెదరకుండా ఉంటుంది. టోల్కీన్ మాత్రం ముందుమాటలో, ఈ అధ్యాయం కథకి తప్పనిసరి, మొదటినుంచీ అనుకున్నదే అని రాసుకున్నాడు. వీలైతే ఆరో భాగంలో ఎనిమిదో అధ్యాయం ఒక్కటైనా చదవండి.