టెక్ సందేహాలు: మిక్సీ, కుక్కర్ వివరాల్లో లీటర్లు, వాట్లు, వారంటీ ఎలా రాయాలి?

*సర్, మేం మిక్సీలు, ప్రెషర్ కుక్కర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. అట్టపెట్టె మీద ఏముంటే అదే వివరాల్లో పెడుతున్నాను. అయినా జార్ చిన్నదని, మోటార్ మధ్యలో ఆగిపోతోందని, వారంటీ ఏడేళ్లన్నారు కదా అని రోజూ ఫోన్లే. ఎలా రాస్తే ఈ టెన్షన్ తగ్గుతుంది?*

ముందు అట్టపెట్టె చూసి రాయడం మానేయండి. దాని మీద పెద్దక్షరాల్లో ఉండేది కొనేవాళ్ల కన్ను పడడానికి వేసిన అంకె. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ దేని గురించి చెప్పిన అంకో అక్కడ ఉండదు. మీకు కావాల్సిన సమాచారం మిక్సీ అడుగున అంటించిన రేటింగ్ ప్లేట్ మీద, లోపల పెట్టిన మాన్యువల్‌లో, వారంటీ కార్డులో ఉంటుంది. వాట్ల విషయంలో పెట్టెకీ ప్లేట్‌కీ తేడా కనిపిస్తే ప్లేట్ మీద ఉన్నదే రాయండి. పెట్టె మీద 'గరిష్ఠంగా' అనే మాట చిన్నగా ఉండి, పక్కన పెద్ద అంకె ఉందంటే మరీ జాగ్రత్తగా చూడాలి. మామూలుగా పని చేసేటప్పుడు తీసుకునే వాట్లు వేరు, బరువు బాగా పడ్డప్పుడు కాసేపు లాగే వాట్లు వేరు.

జార్ చిన్నదన్న ఫిర్యాదుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. 1.5 లీటర్లు అని రాస్తే కొన్నవాళ్లు 1.5 లీటర్లు పోసి తిప్పొచ్చు అనుకుంటారు. చాలాసార్లు అది జార్ అంచుదాకా పట్టే మొత్తం. తిప్పేటప్పుడు ద్రవం పక్కలకు ఎగిసి పైకి లేస్తుంది కాబట్టి అంతకంటే తక్కువే పోయాలి, అందుకే జార్ మీద గరిష్ఠ గీత ఉంటుంది. కాబట్టి రెండు అంకెలూ రాయండి, రెండోది ఎక్కడిదో కూడా చెప్పండి.

మాన్యువల్‌లో ఆ రెండో అంకె లేకపోతే మీరే కొలవొచ్చు. వంటింటి డిజిటల్ కాటా ఉంటే చాలు. మామూలు నీళ్లు ఒక లీటరు దాదాపు ఒక కిలో తూగుతాయి, అంటే ఎన్ని గ్రాముల నీళ్లు పడితే అన్ని మిల్లీలీటర్లు. ఖాళీ జార్‌ని మూత లేకుండా తూచారు, 620 గ్రాములు వచ్చింది అనుకుందాం. గరిష్ఠ గీత దాకా నీళ్లు పోసి మళ్లీ తూస్తే 1820 వచ్చింది. తేడా 1200, కాబట్టి ఆ జార్‌లో వాడుకోగలిగింది 1.2 లీటర్లు. అంచుదాకా నింపి తూస్తే 2130 వచ్చింది, అంటే మొత్తం 1510 మిల్లీలీటర్లు. పెట్టె మీద 1.5 అని ఎందుకు వేశారో ఇక్కడ తెలిసిపోతుంది. పొడి రుబ్బే జార్‌కీ చట్నీ జార్‌కీ కూడా ఇలాగే చేయండి. చిన్న జార్‌కి ఇంకో సంగతి కూడా రాయాలి. బ్లేడు మునగనంత తక్కువ వేస్తే సరుకు పక్కలకు అంటుకుని సరిగా నలగదు, కనీసం ఎంత వేయాలో మాన్యువల్‌లో ఉంటే ఆ మాట వదలకండి. కొలిచేటప్పుడు కాటా సమంగా ఉన్న చోట పెట్టండి, జార్ బయట తడి తుడిచి తూచండి, ఆ రెండూ సరిగా లేకపోతే కొలత ఇటూ అటూ అవుతుంది.

ఇక వాట్లు. 750 వాట్లు అంటే ఆ మిక్సీ కరెంటు నుంచి తీసుకునే శక్తి. బ్లేడు దాకా అందే శక్తి అది కాదు, అందులో కొంత వేడిగా, చప్పుడుగా పోతుంది. అందుకే ఒకే వాట్ల మిక్సీలు రెండు వేర్వేరుగా రుబ్బుతాయి, మోటార్ కట్టిన తీరు, బ్లేడు ఆకారం, జార్ లోపలి గాడులు అన్నీ పని చేస్తాయి. కాబట్టి '750 వాట్ల పవర్‌ఫుల్ మోటార్, ఏదైనా చిటికెలో' లాంటి వాక్యం తీసేయండి. దాని బదులు కొనేవాళ్లకు నిజంగా పనికొచ్చే లెక్క రాయొచ్చు: పూర్తి బరువు మీద పది నిమిషాలు తిప్పితే సుమారు 0.125 యూనిట్ కరెంటు అవుతుంది. ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని అడిగేవాళ్ల కోసం, ప్లేట్ మీద 230 వోల్టులు ఉంటే దాదాపు 3.3 ఆంపియర్లు లాగుతుందని, ఆన్ చేసిన క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుందని కూడా పెట్టండి. అది చూసి వాళ్ల ఇన్వర్టర్‌కు సరిపోతుందో లేదో వాళ్లే చూసుకుంటారు.

మోటార్ మధ్యలో ఆగిపోతోందన్న ఫోన్లకు జవాబు కూడా ఆ ప్లేట్ మీదే ఉంది, కానీ దాన్ని ఎవరూ వివరాల్లో పెట్టరు. వాట్ల పక్కన '30 నిమిషాలు, 5 నిమిషాలు ఆన్, 2 నిమిషాలు ఆఫ్' లాంటి మాట ఒకటి కనిపిస్తుంది. మిక్సీ మోటార్ ఆగకుండా తిరగడానికి చేసింది కాదు. ఈ ఉదాహరణలో అయిదు నిమిషాలు తిప్పి రెండు నిమిషాలు ఆపాలి, అలా మొత్తం ముప్పై నిమిషాలు అయ్యాక పూర్తిగా చల్లారనివ్వాలి. మాన్యువల్‌లో గట్టి సరుకుకు ఇంకా తక్కువ సమయం చెప్పి ఉంటే అదే రాయండి. ఆపకుండా తిప్పినా, జార్ కుక్కి నింపినా ఓవర్‌లోడ్ స్విచ్ మోటార్‌ని ఆపేస్తుంది, మోటార్ కాలిపోకుండా కాపాడేది అదే. ఆ స్విచ్ బటన్ ఎక్కువ మోడళ్లలో అడుగుభాగంలో ఉంటుంది. స్పీడ్ సున్నాకి తెచ్చి, ప్లగ్ తీసి, జార్‌లో సరుకు తగ్గించి, కొన్ని నిమిషాలు ఆగి ఆ బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. మీకు ఫోన్ చేసినవాళ్లలో చాలామందికి ఆ బటన్ ఉందని కూడా తెలిసి ఉండదు. ఈ నాలుగు ముక్కలూ వాట్ల కిందే రాయండి, ఎక్కడో చివర కాదు. అయితే బటన్ నొక్కాక కూడా సరుకు తక్కువగా ఉన్నా పదేపదే ఆగుతుంటే, లేదా కాలిన వాసన వస్తుంటే, అది వాడకం తప్పు కాదు, సర్వీసుకు పంపాల్సిందే. ఆ తేడా కూడా ఒక వాక్యంలో చెప్పండి.

కుక్కర్ విషయానికి వస్తే, మీ ఎక్సెల్ షీట్‌లో మిక్సీకీ కుక్కర్‌కీ ఒకే వరుసలు ఉంటాయేమో చూసుకోండి. పొయ్యి మీద పెట్టే కుక్కర్‌కి వాట్లు ఉండవు. కొందరు ఆ గడి ఖాళీగా ఉంచలేక ఇండక్షన్ స్టవ్ వాట్లు తెచ్చి పెడుతున్నారు, అది తప్పు, అక్కడ 'వర్తించదు' అని రాసి, ఇండక్షన్ మీద పని చేస్తుందో లేదో మాత్రం వేరే గడిలో చెప్పండి. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌కి మాత్రమే వాట్లు ఉంటాయి.

కుక్కర్ లీటర్లు కూడా మొత్తం గిన్నె పట్టే కొలతే. నీళ్లతో కలిపి మూడింట రెండు వంతులు దాటి నింపకూడదు, ఉడికినప్పుడు ఉబ్బేవి, నురగ వచ్చేవి అయితే సగం మించకూడదు. పైన ఆవిరికి చోటు కావాలి, నురగ పైకి వచ్చి ఆవిరి గొట్టంలో ఇరుక్కుంటే అది ప్రమాదం. అంటే 5 లీటర్ల కుక్కర్‌లో 3.3 లీటర్లు, నురగ వచ్చేవి అయితే 2.5 లీటర్లు. ఇది సలహా మాత్రమే కాదు, భద్రతకు సంబంధించిన అంకె, కాబట్టి పైకి రౌండ్ చేయొద్దు. మీ షీట్‌లో లీటర్లు B2 గడిలో ఉంటే ఇది పెట్టండి:

```
=ROUNDDOWN(B2*2/3,1)
```

మామూలు ROUND వాడితే 5.5 లీటర్ల కుక్కర్‌కి 3.7 అని వస్తుంది, ఇది 3.6 అని ఇస్తుంది. 'అయిదుగురికి సరిపోతుంది' అని ఒక్కటే రాసి వదిలేయకండి, ఎవరెంత తింటారో మనకు తెలియదు, లీటర్లు చెబితే వాళ్లే లెక్క వేసుకుంటారు.

వారంటీ దగ్గరే అసలు గొడవ. '2+5 సంవత్సరాల వారంటీ' అని రాస్తే చదివేవాళ్లు కూడి ఏడు అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కార్డు తెరిచి చూస్తే మామూలుగా ఉండేది ఇది: మొత్తం మిక్సీకి రెండేళ్లు, మోటార్‌కు కొన్న రోజు నుంచి అయిదేళ్లు. అంటే మోటార్ అయిదేళ్లలో మొదటి రెండూ కలిసే ఉన్నాయి. కొన్ని కార్డుల్లో లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి ఊహించి రాయొద్దు, కార్డు చదివి కూడిక గుర్తు లేకుండా, తేదీలతో ఉదాహరణ ఇచ్చి రాయండి. ఇలా: 'బిల్లు 2025 మార్చి 10న అయితే, మొత్తం మిక్సీకి 2027 మార్చి 9 దాకా, ఆ తర్వాత మోటార్‌కు మాత్రమే 2030 మార్చి 9 దాకా.' ఇంత స్పష్టంగా ఉంటే ఏడేళ్ల ఫోన్ రాదు.

దాని కింద ఇంకొన్ని సంగతులు కార్డులో వెతికి పెట్టాలి. మోటార్ వారంటీలో పార్టు మాత్రమే ఉచితమా, కూలీ కూడానా? ఇంటికి వస్తారా, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలా? లెక్క బిల్లు తేదీ నుంచా, డెలివరీ తేదీ నుంచా? హోటల్, దుకాణం లాంటి చోట వాడితే వర్తిస్తుందా? అరిగిపోయేవి చాలా కార్డుల్లో వారంటీలోకి రావు, మిక్సీలో కప్లర్, జార్ వాషర్, కుక్కర్‌లో గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ లాంటివి. వీటి పేర్లు చెప్పకుండా 'షరతులు వర్తిస్తాయి' అని వదిలేస్తే, కప్లర్ అరిగిన రోజున ఆ కస్టమర్ కోపం మీ మీదే పడుతుంది, అదీ న్యాయమే.

మొత్తం కలిపి ఒక మిక్సీకి ఇలా వస్తుంది: 'వాట్లు: 750. ఆగకుండా తిప్పేది 5 నిమిషాలే, తర్వాత 2 నిమిషాలు ఆపాలి. మోటార్ ఆగిపోతే ప్లగ్ తీసి, సరుకు తగ్గించి, కొన్ని నిమిషాల తర్వాత అడుగున ఉన్న బటన్ నొక్కండి. పెద్ద జార్: మొత్తం 1.5 లీటర్లు, గీత దాకా 1.2 లీటర్లు. వారంటీ: మిక్సీకి 2 సంవత్సరాలు, మోటార్‌కు మొత్తం 5 సంవత్సరాలు, బిల్లు తేదీ నుంచి. కప్లర్, వాషర్‌లకు వారంటీ లేదు.' పొగడ్త ఒక్కటీ లేదు, అయినా కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి కావాల్సిందంతా ఉంది.

చివరగా ఒకటి, ప్రతి వివరంలో మోడల్ నంబర్ పూర్తిగా రాయండి. ఒకే పేరుతో 500 వాట్లదీ 750 వాట్లదీ రెండూ అమ్ముడవుతుంటాయి, కంపెనీ కొత్త సరుకులో జార్‌లు మార్చినా పేరు మార్చకపోవచ్చు. కొత్త సరుకు వచ్చినప్పుడు ఒక పెట్టె తెరిచి ప్లేట్, కార్డు మళ్లీ చదివి, పాత వివరంతో పోల్చి చూశాకే అమ్మకానికి పెట్టండి.