లర్నింగ్ థియరీల చాప్టర్ ఒక్క పేజీ పట్టికలో ఇమడాలంటే

ప్రశ్న: నేను డిగ్రీలో సైకాలజీ చదువుతున్నాను. పీజీలో కౌన్సెలింగ్ సైకాలజీ తీసుకోవాలని ఉంది. లర్నింగ్ థియరీల చాప్టర్‌ను టేబుల్‌గా రాసుకుంటే నాలుగు పేజీలు వచ్చింది. డెఫినిషన్లు బాగానే గుర్తుంటాయి. కానీ ఏదైనా సందర్భం ఇచ్చి ‘ఇది ఏ రకం అభ్యసనం?’ అని అడిగితే తడబడుతున్నాను. టేబుల్‌ను ఎలా మార్చుకోవాలి?

జవాబు: మీ పట్టికలో ఎడమవైపు బహుశా శాస్త్రవేత్త, సంవత్సరం, ప్రయోగం, నిర్వచనం, ఉపయోగాలు అని వరసగా ఉండి ఉంటాయి. చాలామంది అలాగే రాస్తారు. అలా రాస్తే పాఠం ముక్కలై పక్కపక్కన చేరుతుందే తప్ప పోలిక పుట్టదు. పావ్లోవ్ గడిలో రాసినదానికీ స్కిన్నర్ గడిలో రాసినదానికీ సంబంధం ఉండదు. ఒక్కో గడి ఒక్కో చిన్న నోట్సులా ఉంటుంది. అందుకే నాలుగు పేజీలు అయింది.

ఎడమవైపు శీర్షికలు తీసేసి ప్రశ్నలు పెట్టండి. అన్ని సిద్ధాంతాలూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తే తేడా దానంతటదే బయటపడుతుంది. నాలుగు నిలువు వరసలు చాలు: పావ్లోవ్ శాస్త్రీయ నిబంధనం, స్కిన్నర్ కార్యసాధక నిబంధనం, టోల్మన్ గుప్త అభ్యసనం, బందూరా పరిశీలనాభ్యసనం. థార్న్‌డైక్ పిల్లుల పజిల్ బాక్సు స్కిన్నర్ వరసలోనే పైన ఒక లైనుగా ఇమిడిపోతుంది. కోహ్లర్ చింపాంజీలు టోల్మన్ పక్కన ఉండొచ్చు. వాటికి వేరే వరసలు అక్కర్లేదు.

పెట్టాల్సిన ప్రశ్నల్లో మొదటిది ఇది: ఫలితం రావడం, నేర్చుకునే ప్రాణి చేసిన పని మీద ఆధారపడి ఉందా? పావ్లోవ్ ప్రయోగంలో ముందు ఒక శబ్దం, ఆ వెంటనే ఆహారం. కుక్క లాలాజలం కార్చినా కార్చకపోయినా ఆహారం వస్తుంది. స్కిన్నర్ పెట్టెలో ఎలుక మీట నొక్కితేనే ఆహారం పడుతుంది, నొక్కకపోతే రాదు. ‘ఒకటి అసంకల్పితం, ఇంకొకటి సంకల్పితం’ అని పుస్తకాలు చెప్పే తేడా తప్పేమీ కాదు. కానీ కొత్త సందర్భం ఎదురైనప్పుడు ఈ ప్రశ్నే త్వరగా దారి చూపుతుంది.

రెండో ప్రశ్న: బహుమతి ఏ దశలో పనిచేస్తుంది? పట్టిక మొత్తంలో ఎక్కువ విషయం దాగి ఉన్న అడ్డ వరస ఇదే. దీన్ని మీరు తీరిగ్గా నింపాలి. స్కిన్నర్ వరసలో జవాబు సూటిగా ఉంటుంది. పునర్బలనం వల్లే ప్రవర్తన పెరుగుతుంది. టోల్మన్ వరసకు వచ్చేసరికి జవాబు మారుతుంది. 1930లో టోల్మన్, హోంజిక్ మూడు గుంపుల ఎలుకలను రోజూ ఒక చిక్కుదారిలో వదిలారు. ఒక గుంపుకు గమ్యం దగ్గర మొదటి రోజు నుంచీ ఆహారం దొరికేది. రెండో గుంపుకు అసలు దొరకలేదు. మూడో గుంపుకు 11వ రోజు నుంచి మాత్రమే పెట్టారు. అప్పటిదాకా ఈ మూడో గుంపు ఎలుకలు ఏమీ నేర్చుకోనట్టే తిరిగాయి. ఆహారం పెట్టిన మర్నాటికే వాటి తప్పులు ఒక్కసారిగా పడిపోయి, మొదటి గుంపుతో సమానంగా వచ్చేశాయి. ఒక్క బహుమతితో ఒక్క రోజులో అంత దారి నేర్చుకున్నాయని అనలేం కదా! ఆ దారి వాటికి ముందే తెలిసి ఉండాలి. దాన్ని చూపించడానికి కారణం మాత్రం 11వ రోజున దొరికింది. కాబట్టి ఈ గడిలో ‘నేర్చుకోవడానికి కాదు, నేర్చుకున్నది బయటపెట్టడానికి’ అని రాయండి. సంజ్ఞానాత్మక పటం అనే పదం కూడా ఈ గడిలోనే ఉండాలి.

బందూరా గడిలోనూ దాదాపు ఇదే జవాబు వస్తుంది. అయితే ఇక్కడ పొరపాటు చేయని విద్యార్థులు తక్కువ. బోబో బొమ్మ ప్రయోగం ఒకటి కాదు. 1961లో చేసినదాంట్లో 72 మంది పిల్లల్లో కొందరు, పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూశారు, కొందరు చూడలేదు. ఆ ప్రయోగంలో కొట్టినవాళ్లకు బహుమతీ లేదు, శిక్షా లేదు. 1965 నాటిది వేరు. అందులో పిల్లలకు ఫిల్ములో కొట్టిన వ్యక్తికి ఒక ముగింపులో మెప్పు, ఒకదాంట్లో దండన, ఇంకొకదాంట్లో ఏమీ జరగకపోవడం చూపించారు. దండన చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. తర్వాత ‘చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం’ అనగానే ఆ తేడా పోయింది. అంటే దండన చూసినవాళ్లు కూడా నేర్చుకున్నారు, చేసి చూపలేదంతే. ఈ రెండింటిలో ‘పరోక్ష పునర్బలనం’ కనిపించేది రెండో ప్రయోగంలోనే. మీ పట్టికలో రెండు ప్రయోగాలూ కలిసిపోయి ఉంటే, టోల్మన్‌కూ బందూరాకూ ఉన్న ఈ పోలిక కనిపించకుండా పోతుంది.

మూడో ప్రశ్న: ఆ ప్రవర్తన ఆగిపోవాలంటే ఏం చేయాలి? ‘విరమణ’ అనే మాట రెండు వరసల్లో వస్తుంది కాబట్టి రెండు గడులూ కలిపేసి ఒకే పదం రాసేస్తుంటారు. కలపకండి. పావ్లోవ్ వరసలో విరమణ అంటే ఆహారం ఇవ్వకుండా శబ్దం మాత్రమే మళ్లీ మళ్లీ వినిపించడం. స్కిన్నర్ వరసలో మీట నొక్కినా ఆహారం రాకపోవడం. పేరు ఒకటే అయినా చేసే పని వేరు.

ఈ మూడు ప్రశ్నలతో పట్టిక నడుమ భాగం ఇలా ఉంటుంది:

| ప్రశ్న | శాస్త్రీయ | కార్యసాధక | గుప్త | పరిశీలన |
|---|---|---|---|---|
| ఫలితం పని మీద ఆధారపడిందా? | లేదు | అవును | నేర్చుకునే దశలో ఫలితమే లేదు | తన పని మీద కాదు. ఇతరుల ఫలితం చూస్తాడు |
| బహుమతి పాత్ర | అక్కర్లేదు. రెండు ఉద్దీపనల జోడీ చాలు | ప్రవర్తనను పెంచుతుంది | తెలిసినదాన్ని బయటపెడుతుంది | చేయాలా వద్దా అన్నది తేలుస్తుంది |
| ఎలా తగ్గుతుంది? | జోడీ లేకుండా ఉద్దీపన ఒక్కటే | ప్రతిస్పందనకు ఫలితం లేకుండా | ఆహారం ఆపితే పరుగు మందగిస్తుంది | దండన చూస్తే అనుకరణ తగ్గుతుంది |

ప్రయోగాల వరస దీని పైన ఉండాలి. ఒక్కో ప్రయోగానికి మూడే మాటలు: ఏం మార్చారు, ఏం కొలిచారు, ఏం తేలింది. అంతకు మించి రాస్తే మళ్లీ నాలుగు పేజీలవుతుంది. ముఖ్య పదాలను ఆఖరున నింపండి. ప్రతి పదానికీ ప్రయోగంలో ఏ క్షణం అన్నది పక్కన గుర్తుపెట్టండి. అలా చూపించలేని పదం మీకు ఇంకా అర్థం కాలేదని లెక్క.

చిన్నారి ఆల్బర్ట్ ప్రయోగంతో ఈ పరీక్ష చేసి చూడండి. 1920లో వాట్సన్, రేనర్ ఆ పిల్లవాడికి తెల్ల ఎలుకను చూపించి, వెనుక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. తర్వాత ఎలుక కనిపించినా ఏడ్చాడు. చాలామంది ఎలుకను నిర్నిబంధిత ఉద్దీపన అని రాసేస్తారు, ఎందుకంటే ఏడుపు ఎలుకను చూసే వచ్చింది కదా అని. ‘ప్రయోగానికి ముందు ఆ పిల్లవాడు దేనికి ఏడ్చేవాడు?’ అని అడగండి. పెద్ద శబ్దానికి. కాబట్టి శబ్దం నిర్నిబంధిత ఉద్దీపన, ఎలుక నిబంధిత ఉద్దీపన. తర్వాత కుందేలుకు కూడా భయపడటం సాధారణీకరణం.

రుణాత్మక పునర్బలనం దగ్గర ఒక చిన్న జాగ్రత్త. ‘రుణాత్మకం’ అన్నది తీసేయడాన్ని చెబుతుంది, చెడ్డదని కాదు. పునర్బలనం ఏ రకమైనా ప్రవర్తన పెరగాలి. తగ్గితే అది దండన. షాకు వస్తున్న నేల మీద ఎలుక మీట నొక్కగానే షాకు ఆగితే, అది ఇకమీదట మీట ఇంకా ఎక్కువగా నొక్కుతుంది. గడిలో ‘తీసేశారు, పెరిగింది’ అని రెండు మాటలు రాస్తే చాలు.

ఇప్పుడు మీరు తడబడే రకం ప్రశ్న ఒకటి చూద్దాం. ఒకాయనకు పళ్ల డాక్టర్ దగ్గర ఒకసారి చాలా నొప్పి కలిగింది. అప్పటి నుంచి డ్రిల్లు శబ్దం వింటేనే టెన్షన్. అపాయింట్‌మెంట్ రోజు దగ్గరపడగానే ఫోన్ చేసి రద్దు చేస్తాడు, వెంటనే మనసు తేలికపడుతుంది, మళ్లీ మళ్లీ అదే చేస్తాడు. ఆయన కూతురు పళ్ల డాక్టర్‌ను ఎప్పుడూ చూడలేదు, అయినా తండ్రి టెన్షన్ చూసి భయపడుతోంది. ఇది ఏ రకం అభ్యసనం?

ఒక్క జవాబు వెతికితే తడబాటే మిగులుతుంది. సందర్భాన్ని ప్రవర్తనలుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ మొదటి ప్రశ్నతో తడమండి. శబ్దానికి టెన్షన్: నొప్పి ఆయన చేసిన పనికి ఫలితంగా రాలేదు, శబ్దంతో జోడీగా వచ్చింది. అది శాస్త్రీయ నిబంధనం. ఫోన్ చేసి రద్దు చేయడం: టెన్షన్ తగ్గడం ఆ పని మీదే ఆధారపడింది, రద్దు చేయడం పెరిగింది. అది రుణాత్మక పునర్బలనం. కూతురిది పరిశీలనాభ్యసనం. ఇక మూడో ప్రశ్న దగ్గరకు వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. భయం తగ్గాలంటే నొప్పి లేకుండా ఆ శబ్దం వినాలి. రద్దు చేస్తున్నంత కాలం ఆయనకు అది జరగదు, కాబట్టి విరమణకు అవకాశమే రాదు. శాస్త్రీయ నిబంధనం వల్ల పుట్టిన భయాన్ని కార్యసాధక నిబంధనం నిలబెడుతోందన్నమాట. ఈ రెండు దశల వివరణను మౌరర్ ఇచ్చాడు. మీరు కౌన్సెలింగ్ సైకాలజీలోకి వెళ్తే భయాలకు చేసే ఎక్స్‌పోజర్ చికిత్స దగ్గర ఈ తర్కం మళ్లీ ఎదురవుతుంది. అందుకే ఈ వరసను గట్టిగా పట్టుకోమంటున్నాను.

పట్టిక అడుగున ‘పొసగనివి’ అని ఒక ఖాళీ వరస వదలండి. గార్సియా, కోయెలింగ్ 1966లో చూపించింది అక్కడ రాయండి. ఎలుకలు రుచిని అనారోగ్యంతో సులువుగా ముడిపెట్టుకున్నాయి, షాకుతో కాదు. షాకును వెలుతురుతోనూ శబ్దంతోనూ ముడిపెట్టుకున్నాయి. ఏ ఉద్దీపననైనా దేనితోనైనా జోడించవచ్చన్న పాత నమ్మకానికి ఇది హద్దు గీసింది.

పట్టిక పూర్తయ్యాక మర్నాడు తెల్ల కాగితం మీద ప్రశ్నలూ పేర్లూ మాత్రమే రాసి, గడులు చూడకుండా నింపండి. ఖాళీలు ఎక్కువగా ముఖ్య పదాల వరసలో వస్తే ఇంకోసారి చదివితే సరిపోతుంది. బహుమతి వరసలో వస్తే మాత్రం టోల్మన్ ప్రయోగాన్ని మళ్లీ మొదటి నుంచి, మూడు గుంపులకూ మూడు గీతలతో గ్రాఫు వేసుకుంటూ చదవండి. అడ్డంగా రోజులు, నిలువుగా తప్పులు. మూడో గీత ఎక్కడ పడిపోతుందో మీ చేత్తో గీస్తే ఆ గడి మళ్లీ ఖాళీ అవదు.