ప్యాకెట్ ముందు మాటల్ని ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: బెంగళూరుకి కొత్తగా వచ్చాం. సూపర్ మార్కెట్‌లో మల్టీగ్రెయిన్, నో యాడెడ్ షుగర్, లో ఫ్యాట్ అని రాసినవే కొంటున్నాం. నిజంగా మంచివేనా?

జవాబు: ఆ మాటలు అబద్ధం కాకపోవచ్చు, కానీ చెప్పేది చాలా తక్కువండి. మల్టీగ్రెయిన్ అంటే ఒకటి కంటే ఎక్కువ ధాన్యాలు ఉన్నాయని మాత్రమే. ఎంతెంత ఉన్నాయో వెనక చూడాలి. అక్కడ పదార్థాలను ఎక్కువ బరువున్న దానితో మొదలుపెట్టి వరుసగా రాస్తారు. మారతహళ్లిలో నేను కొన్న 400 గ్రాముల బ్రెడ్‌లో మొదటి పేరు మైదా. రాగి, ఓట్స్, జొన్న అన్నీ కలిపి 5 శాతం, అంటే 20 గ్రాములు. ముక్కలు ఇరవై, కాబట్టి ముక్కకి ఒక్క గ్రాము! పిల్లలకి రాగులు తినిపిస్తున్నామనుకునే తల్లికి ఇది తెలియాలి. గోధుమరంగు చూసి కూడా మోసపోకండి, అది క్యారమెల్ వల్ల రావచ్చు.

నో యాడెడ్ షుగర్ పండ్లరసంలో పండు చక్కెర అలాగే ఉంటుంది. అందుకే వెనక ఉండే పోషకాల పట్టికలో టోటల్ షుగర్స్ చూడండి. లో ఫ్యాట్ అంటే ఘనాహారంలో 100 గ్రాములకి 3 గ్రాములకు మించని కొవ్వు. చక్కెర సంగతి అది చెప్పదు.