ఏఐఎస్‌లో వడ్డీ ఎక్కువ కనిపిస్తే ఆఫీసర్‌కి ఏం రాయాలి?

"నా రిటర్న్‌లో వడ్డీ రూ. 84,000 చూపించాను. ఏఐఎస్‌లో రూ. 3,12,000 ఉంది. తేడా అంతా నాన్నగారి ఎఫ్‌డీ వడ్డీ. జాయింట్‌గా వేశాం, మొదటి పేరు నాది. వివరణ ఇవ్వమని ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసర్ నోటీసు పంపారు. చాలా టెన్షన్‌గా ఉంది."

ఏఐఎస్ అంటే మీ పాన్ మీద నమోదైన ఆదాయ వివరాలతో ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ ఇచ్చే స్టేట్‌మెంట్. జాయింట్ ఎఫ్‌డీలో మొదటి పేరు ఎవరిదైతే సాధారణంగా వాళ్ల పాన్ మీదే బ్యాంకు వడ్డీని, టీడీఎస్‌ని చూపిస్తుంది. పన్ను మాత్రం డబ్బు ఎవరిదో వాళ్లు కట్టాలి. అందుకే లెటర్ రాసే ముందు ఒక్కటి తేల్చుకోండి. ఆ డబ్బు నాన్నగారు మీకు ఇచ్చేశారా, లేక ఆయన డబ్బుకి మీ పేరు మాత్రమే పెట్టారా? ఇచ్చేసి ఉంటే అది గిఫ్ట్. గిఫ్ట్ మీద మీకు పన్ను లేకపోయినా, దాని మీద వచ్చే వడ్డీ మీ ఆదాయమే. అప్పుడు ఈ వివరణ నిలవదు, తేడాకి పన్ను కట్టాల్సిందే.

డబ్బు ఆయనదే అయితే, లెటర్‌లో కథంతా చెప్పకండి. లెక్క కలిసిపోతే చాలు. నేనైతే ఇలా రాస్తాను:

"ఏఐఎస్‌లోని వడ్డీ రూ. 3,12,000లో రూ. 84,000 నా సొంత డిపాజిట్లది, దాన్ని రిటర్న్‌లో చూపించాను. మిగిలిన రూ. 2,28,000 మా నాన్నగారి రూ. 30 లక్షల ఎఫ్‌డీ మీద వచ్చినది. ఆ సొమ్ము ఆయన ఖాతా నుంచే డిపాజిట్‌లోకి వెళ్లింది, వడ్డీ కూడా ఆయన ఖాతాలోనే జమైంది. ఈ వడ్డీని ఆయన తన రిటర్న్‌లో చూపించారు."

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక కాగితం ఉండాలి. డబ్బు వెళ్లిన రోజు, వడ్డీ జమైన రోజులు కనిపించే నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్, ఎఫ్‌డీ రసీదు, ఆయన రిటర్న్, ఆ వడ్డీ విడిగా కనిపించే లెక్క జత చేయండి. వడ్డీ మీ ఖాతాలో పడి మీరే ఖర్చు పెట్టి ఉంటే, ఆఫీసర్ ముందు అడిగేది దాని గురించే.

చాలామంది దెబ్బతినేది టీడీఎస్ దగ్గర. పది శాతం లెక్కన ఆ ఎఫ్‌డీ మీద రూ. 22,800 కోసి మీ పాన్‌లో చూపించి ఉంటారు. దాన్ని మీ రిటర్న్‌లో క్లెయిమ్ చేశారేమో చూడండి. ఆదాయం నాన్నగారిదంటూ టీడీఎస్ మీరు తీసుకుంటే మీ మాట నమ్మరు. చేసి ఉంటే దాచకుండా లెటర్‌లోనే చెప్పి, ఆ క్రెడిట్ వదులుకుంటున్నానని రాయండి.

జవాబును నోటీసులో ఇచ్చిన గడువులోగా పోర్టల్‌లోని e-Proceedings ద్వారా పంపి, రసీదు దాచుకోండి. ఏఐఎస్‌లో ఆ ఎంట్రీ దగ్గర Information relates to other PAN/Year అని ఫీడ్‌బ్యాక్ కూడా ఇవ్వండి. అయితే అది నోటీసుకు జవాబు కాదు, లెటర్ వేరుగా వెళ్లాల్సిందే. వచ్చే ఏడాదికి మళ్లీ ఇదే రాకుండా, ఈ వడ్డీ, టీడీఎస్ నాన్నగారి పాన్‌లో చూపించమని బ్యాంకుకి ఇప్పుడే డిక్లరేషన్ ఇవ్వండి.