సెక్షన్ 9 ఒక్కటి తీసుకో

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

శ్రావణికి,

సెమినార్‌లో స్త్రీవాద సిద్ధాంతాలన్నీ వరసగా చెబుదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దమ్మా. హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 9 ఒక్కటి తీసుకో, దాంపత్య హక్కుల పునరుద్ధరణ.

భార్య గానీ భర్త గానీ సరైన కారణం లేకుండా విడిగా వెళ్లిపోతే, కాపురానికి రమ్మని రెండోవాళ్లు డిక్రీ తెచ్చుకోవచ్చు. ముందు ఈ మాట చదివి వినిపించు. ఇందులో ఆడా మగా తేడా లేదు. చట్టం తటస్థం అనేవాళ్ల బలం ఇదే, దాన్ని తక్కువ చేసి చెప్పకు.

తర్వాత 1983కి రా. సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్‌ను కొట్టేశారు. ఆయన సెక్షన్‌లోని మాటల దగ్గర ఆగలేదు, డిక్రీ అమలైతే ఎవరి బతుకు ఎలా మారుతుందో చూశారు. ఇష్టం లేని కాపురంలో గర్భం వస్తే మోయాల్సింది భార్య. భర్త బతుకు దాదాపు ఎప్పటిలాగే సాగుతుంది. పైగా ఈ దావాలు వేసేది ఎక్కువగా భర్తలే అన్నారు. పరిస్థితులు సమానం కానివాళ్లను ఒకే కొలతతో కొలిస్తే సమానత్వం రాదన్నది ఆయన వాదన. నీ పేపర్‌లో ఎక్కువ చోటు దీనికే ఇవ్వు.

అదే ఏడాది నవంబర్‌లో హర్విందర్ కౌర్ కేసులో ఢిల్లీ హైకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం గాజుసామాన్ల కొట్లోకి ఎద్దును తోలడమే అంది. ఇక్కడ నువ్వు గట్టిగా అడగాల్సింది ఒకటుంది. కాపురానికి వెళ్లమని చెప్పింది కోర్టు. వెళ్లకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 32 కింద ఆస్తి జప్తు చేసేదీ కోర్టే. చట్టం అప్పటికే ఇంట్లో ఉంది. గుమ్మం బయట ఆపింది భార్య హక్కులను మాత్రమే.

1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టింది. అందులో దావా వేసింది భార్యే కదా అని ఎవరైనా అడుగుతారు. నిజమే, దాచకు. కానీ ఆ డిక్రీకి ఒప్పుకున్న భర్తే, ఏడాది దాటినా కాపురం కలవలేదని చూపి విడాకులు అడిగాడు, వచ్చాయి కూడా.

నా ప్రాక్టీసులో చూసింది ఇంకొకటి. భార్య మనోవర్తికి వేయగానే భర్త సెక్షన్ 9 కింద వేస్తాడు. ఆమె రానంటే, రానిదానికి మనోవర్తి ఎందుకని వాదన. సరైన కారణం ఉంటే డిక్రీ పాటించకపోయినా మనోవర్తి పోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అప్పటిదాకా ఆ భయంతో ఎంతమంది రాజీ పడ్డారో నేను చూశాను.

ఆదివారం ఇంటికి రా. పేర్లు కప్పేసి నా పాత ఫైళ్లలో తేదీలు చూపిస్తాను. మనోవర్తి దావా ఎప్పుడు పడింది, సెక్షన్ 9 ఎప్పుడు పడిందన్నది పక్కపక్కన రాసుకో. పది ఫైళ్లతో భర్తలందరూ ఇంతేనని మాత్రం రాయకు.

మీ పెద్దమ్మ