బేకర్ దీవిలో అర్ధరాత్రి, మనకు సాయంత్రం ఐదున్నర

*కాన్ఫరెన్స్‌కి పేపర్ పంపాలి. సైట్‌లో "14 March 2026, 23:59 AoE" అని ఉంది. ఒక సీనియర్ 14 సాయంత్రమే మూసేస్తారంటాడు, ఇంకొకరు 15 సాయంత్రం దాకా టైముందంటారు. తేల్చుకుందామని ఫోన్‌లో గడియారం వెనక్కి తిప్పి చూశాను. అప్పట్నుంచి లాగిన్ చేస్తుంటే ఓటీపీ తప్పంటోంది. టూ స్టెప్ వెరిఫికేషన్ తీసేస్తే సరిపోతుందా?*
— ఓ పరిశోధక విద్యార్థిని, వరంగల్

తీసేయకండి. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో డేట్, టైమ్ ఆటోమేటిక్‌గా తీసుకునే స్విచ్ మళ్లీ ఆన్ చేయండి. ఓటీపీ దానంతటదే దారికొస్తుంది.

ఇలాంటి ఉత్తరం నాకు ఇది మొదటిది కాదు. పేపర్ల సీజన్ వచ్చిందంటే చాలు, గడియారాలతో ఆడుకున్నవాళ్ల ఉత్తరాలు వరస కడతాయి. అసలు ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. మీ అథెంటికేటర్ యాప్‌లో కనిపించే ఆరంకెలు ఎక్కడినుంచో రావు. మీ రహస్య కీని, ఆ క్షణం టైమును కలిపి ఫోనే లెక్కగట్టి చూపిస్తుంది. ముప్పై సెకన్లకో కొత్త కోడ్. అవతల సర్వర్ కూడా తన గడియారంతో అదే లెక్క వేసుకుంటుంది. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. కాస్త అటూ ఇటూ అయినా ఒకటి రెండు కోడ్‌ల దాకా సర్దుకుంటుంది, అంతే. మీరు గడియారాన్ని పదిహేడున్నర గంటలు వెనక్కి తిప్పారనుకోండి, అది 2,100 కోడ్‌ల తేడా. ఏ సర్వర్ ఒప్పుకుంటుంది?

నన్ను భయపెట్టేది ఓటీపీ పనిచేయకపోవడం కాదు, ఆ తర్వాత జనం చేసే పని. గడువు దగ్గరపడుతోంది, లాగిన్ కావట్లేదు, "తర్వాత మళ్లీ పెట్టుకుందాంలే" అని రెండో తాళం పీకేస్తారు. ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు. గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమంటే ఇదే. లాప్‌టాప్ గడియారం తిప్పినా తిప్పలే. నిన్నో ఇవాళో కొత్తగా సెక్యూరిటీ సర్టిఫికెట్ తీసుకున్న సైటుకి వెళ్తే, ఆ సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని బ్రౌజర్ ఎర్రజెండా ఊపుతుంది. దాన్ని తోసుకుని ముందుకెళ్లడం ఒకసారి అలవాటైతే, రేపు హాస్టల్ వైఫైలో నిజంగా ఎవడో మీకూ సైటుకీ మధ్యలో కూర్చున్నప్పుడు కూడా అలాగే తోసుకుపోతారు. వేరే ఊరి టైము చూడాలనుకుంటే ఫోన్‌లో వరల్డ్ క్లాక్ ఉంది. టైమ్ జోన్ మార్చినా ఓటీపీకి ఏమీ కాదు, ఎందుకంటే లోపలి లెక్క అంతా ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైములో నడుస్తుంది. గంటలూ నిమిషాలూ చేత్తో తిప్పితేనే చిక్కు.

ఇక గడువు సంగతి. మీ ఇద్దరు సీనియర్లలో రెండోవారిదే సరైన లెక్క. AoE అంటే భూమ్మీద ఎక్కడైనా సరే ఇంకా ఆ తేదీ నడుస్తున్నంతవరకు గడువు ఉన్నట్టే. అన్నిటికంటే చివర తేదీ మారేది యూటీసీకి పన్నెండు గంటలు వెనకున్న జోన్‌లో. ఆ జోన్‌లో ఉన్న నేల పసిఫిక్‌లో అమెరికాకి చెందిన బేకర్, హౌలాండ్ అనే రెండు చిన్న దీవులే, అక్కడ కాపురముండే మనిషి లేడు. మనుషుల్లేని చోటి అర్ధరాత్రికి ప్రపంచమంతా పేపర్లు పంపుతోందన్నమాట! 802.16 వైర్‌లెస్ ప్రమాణాలు రాసే ఐఈఈఈ బృందం తన ఓటింగ్ గడువులకి ఈ పద్ధతి పెట్టుకుంది, అక్కడినుంచి పరిశోధన లోకమంతా పాకింది.

మీ తేదీతోనే లెక్క వేద్దాం. బేకర్ దీవిలో మార్చి 14 రాత్రి 11:59. దానికి పన్నెండు గంటలు కలిపితే యూటీసీ, అంటే మార్చి 15 పగలు 11:59. ఇంకో ఐదున్నర గంటలు కలిపితే మన టైము, మార్చి 15 ఆదివారం సాయంత్రం 5:29. లినక్స్ వాడేవాళ్లు ఈ ఒక్క లైనుతో సరిచూసుకోవచ్చు:

```
TZ=Asia/Kolkata date -d '2026-03-14 23:59 -1200'
```

మన గడియారం ఏడాది పొడుగునా మారదు కాబట్టి ఏ నెలలోనైనా మనకు మర్నాడు సాయంత్రం 5:29 అనే గుర్తుపెట్టుకుంటే చాలు. అమెరికాలో ఉన్న తోటి రచయితకి మాత్రం ఆ సౌకర్యం లేదు. డల్లాస్‌లో ఉన్నవాళ్లకి ఫిబ్రవరిలో ఇదే గడువు తెల్లవారి 5:59. ఈ ఏడాది మార్చి 8న అక్కడ గడియారాలు గంట ముందుకి జరిగాయి కాబట్టి మీ పేపర్‌కి 6:59. వాళ్లతో "మన ఐదున్నర" అని వాట్సాప్‌లో మాట్లాడుకోకుండా, అందరూ 11:59 యూటీసీ అని రాసుకోండి.

మరి మొదటి సీనియర్‌కి 14వ తేదీ ఎక్కడ తగిలింది? ఆయన్నీ మరీ తప్పుపట్టలేం. కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ పట్టికలో ఈ జోన్ పేరు `Etc/GMT+12`. చూశారా, యూటీసీకి వెనకున్న జోన్‌కి ప్లస్ గుర్తు! యూనిక్స్ కాలం నాటి పాత సంప్రదాయం అది, మార్చితే ఎన్ని ప్రోగ్రాములు విరుగుతాయోనని అలాగే ఉంచేశారు. తెలియనివాళ్లు పన్నెండు గంటలు వెనక కదా అని `Etc/GMT-12` ఎంచుకుంటారు. అది న్యూజిలాండ్ వైపు జోన్. అప్పుడు మన టైము ఎంతొస్తుందో తెలుసా? మార్చి 14 సాయంత్రం 5:29. గంటా నిమిషం అవే, తేదీ ఒక్కటే తేడా, సరిగ్గా ఇరవైనాలుగు గంటలు. అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడదు. పేపర్ పంపేవాళ్లు ఇలా పొరబడితే ఒకరోజు ముందే పంపేస్తారు, నష్టం లేదు. పోర్టల్ నడిపేవాళ్లు పొరబడితే ఒకరోజు ముందే తలుపు మూసుకుపోతుంది. పట్టుకోవడం తేలికే: సైట్‌లో రాసిన తేదీ, మీ క్యాలెండర్‌లో మన టైముకి మారిన తేదీ ఒకటే అయితే ఎక్కడో గుర్తు తిరగబడింది. ఇండియాలో అది ఎప్పుడూ మర్నాడే రావాలి. అలా రాకపోతే నిర్వాహకులకి ముందే మెయిల్ పెట్టండి, ఆఖరి గంటలో కాదు.

ఇంత చెప్పాక నా అక్కసు కూడా వినండి. AoE అని రాసేవాళ్లు కనీసం ఎక్కడి అర్ధరాత్రో చెబుతున్నారు. మనదగ్గర ఫీజు పోర్టళ్లు, దరఖాస్తు పోర్టళ్లు "చివరి తేదీ" అని ఒక్క తేదీ పడేసి ఊరుకుంటాయి. అది ఆ రోజు ఆఫీసు వేళ ముగిసేదాకానా, రాత్రి పన్నెండు దాకానా? ఇక "12:00 AM" అని రాసే మహానుభావులున్నారు. ఆ రోజు మొదలయ్యే పన్నెండా, ముగిసే పన్నెండా అని ఇంట్లో పంచాయితీ పెట్టుకోవాలి. మొన్నామధ్య మా ఇంట్లో అబ్బాయి దరఖాస్తుకి ఇదే గొడవైంది, ఆ పన్నెండు అంతకుముందు రాత్రే దాటిపోయింది. 23:59 అని రాయడానికి ఏం బాధ? పక్కన జోన్ రాయడానికి మూడక్షరాలు చాలు.

మళ్లీ మీ పేపర్‌కి వస్తే, లెక్కలోకి వచ్చేది పోర్టల్ సర్వర్ గడియారమే, మీది కాదు. 23:59 అంటే కొన్ని పోర్టళ్లు ఆ నిమిషం మొదలవగానే మూసేస్తాయి, కొన్ని ఆఖరి సెకను దాకా ఆగుతాయి. రెండోది నమ్ముకోకండి. అసంపూర్తి కాపీ అయినా శనివారమే ఎక్కించండి, చాలా పోర్టళ్లలో గడువులోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అప్పుడు ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఓటీపీ మొరాయించినా మీ పేపర్ లోపలే ఉంటుంది.