పేరు తీసేస్తే సరిపోదు, తమ్ముడూ

తమ్ముడూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన పోర్ట్‌ఫోలియో లింకు మొత్తం చదివాను. మిగతా వాటి గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ రెండో పేజీ ఈ పూటే తీసెయ్. బంగారం మీద అప్పులిచ్చే యాప్‌కి నువ్వు రాసిన తెలుగు మెసేజీలు, పక్కనే పాత స్క్రీన్లు, కింద కస్టమర్ కేర్‌కి కాల్స్ ఎంత తగ్గాయో చూపించే గ్రాఫు, అన్నీ పెట్టేశావు. కంపెనీ పేరు రాయలేదు కదన్నా అంటావని తెలుసు. కానీ పైన "హైదరాబాద్ స్టార్టప్, బంగారు రుణాలు, తెలుగు యాప్, 2024" అని నువ్వే రాశావు. ఒక్కో ముక్క విడిగా చూస్తే ఏమీ కాదు, నాలుగూ ఒక్కచోట చేరితే మాదాపూర్‌లో ఈ పని చేసేవాళ్లు అది ఎవరో ఇట్టే చెప్పేస్తారు.

నువ్వు సంతకం పెట్టిన ఎన్‌డీఏ, అంటే క్లయింట్ లోపలి సంగతులు బయటపెట్టనని ఇచ్చిన గోప్యతా ఒప్పందం, బయటికి తీసి నింపాదిగా చదువు. రహస్య సమాచారం అంటే ఏమిటో చెప్పిన పేరాలో చాలా ఒప్పందాలు డ్రాఫ్టులు, అంకెలు, విడుదల కాని ఫీచర్లు అన్నిటినీ కలిపేస్తాయి. దాని తర్వాత మినహాయింపులు ఉంటాయి, అప్పటికే జనానికి తెలిసిన సమాచారం రహస్యం కిందికి రాదని సాధారణంగా అక్కడే రాస్తారు. యాప్ ప్లే స్టోర్‌లో ఉంది, ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకుంటే నా వాక్యాలు కనిపిస్తాయి, ఇక రహస్యం ఏముంది అని నువ్వు వాదించేది ఈ మినహాయింపు మీదే. ఆ వాదన సగమే నిలుస్తుంది. స్క్రీన్ మీద వాక్యం బయటిదే, కానీ దాన్ని ఎందుకు మార్చారో, ముందు ఏ డ్రాఫ్టు ఉందో, ఎన్ని కాల్స్ తగ్గాయో బయటివి కావు. ఇంకొకటుంది, చాలామంది అక్కడే దొరికిపోతారు: కొన్ని ఒప్పందాల్లో మీ ఇద్దరి మధ్య పని సంబంధం ఉందన్న సంగతి కూడా రహస్యమే. అలాంటప్పుడు "ఇది నేను రాశాను" అన్న ఒక్క మాటా ఉల్లంఘనే. గడువు కూడా చూడు, పని అయిపోయాక ఇన్నేళ్ల వరకు అని వేరుగా రాసి ఉంటుంది, నువ్వు మానేసిన రోజుతో అది ముగిసిపోదు.

రాసింది నేనే కాబట్టి కాపీరైట్ నాదే కదా అని ఫ్రీలాన్సర్లు అడుగుతుంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిది. ఫ్రీలాన్స్‌గా రాసిన పాఠానికి మామూలుగా హక్కు నీదే, నువ్వు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప. నీ ఒప్పందంలో ఆ బదిలీ ఉండే ఉంటుంది, లేకపోయినా గోప్యత వేరే ముడి. హక్కు నీదైనా లోపలి సంగతి బయటపెట్టే అనుమతి నీకు రాదు.

ఇక నల్ల పట్టీలు. నా మొదటి రోజుల్లో ఒక క్లయింట్ డాక్యుమెంటు పీడీఎఫ్‌లో పేరు ఉన్న ప్రతిచోటా నల్ల డబ్బా గీసి ఇంటర్వ్యూకి పంపాను. ఇంటర్వ్యూ చేస్తున్న ఆమె అక్కడే నా ముందు Ctrl+A కొట్టి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసింది. పేరు, అంకెలు, మేనేజర్ రాసిన కామెంటు, అన్నీ వచ్చేశాయి. డబ్బా అక్షరాలను కప్పింది, తీసెయ్యలేదు. పైగా ఫైల్ ప్రాపర్టీస్‌లో టైటిల్ దగ్గర క్లయింట్ పేరు అలాగే ఉంది. మా సమాచారం మాత్రం నీ దగ్గర భద్రంగా ఉంటుందా అని ఆమె అడిగింది, జవాబు చెప్పలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఏ ఫైల్ పంపినా ముందు నేనే Ctrl+A కొట్టి చూసుకుంటాను. లింకుకు పాస్‌వర్డ్ పెట్టినా, ల్యాప్‌టాప్‌లో చూపించి మూసేసినా, ఎదుటి మనిషి చూశాడంటే వెల్లడించినట్టే.

అడగడమే మంచి దారి, కానీ "పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?" అని అడక్కు. అంత విశాలమైన ప్రశ్న లీగల్ టీమ్‌కి వెళ్లి అక్కడే పడుకుంటుంది, లేదా వద్దు అని వస్తుంది. పెట్టాలనుకున్న పేజీని అక్షరం అక్షరం అలాగే తయారుచేసి, గ్రాఫు తీసేసి, మెయిల్‌కి జతచేసి, "ఈ ఒక్క పేజీ ఇలాగే పెట్టుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటారా, వద్దనుకున్న వాక్యాలు కొట్టేసి పంపండి" అని అడుగు. వాళ్లకు చదవడం తేలిక, ఒకట్రెండు వాక్యాలు కొట్టేసి మిగతాది వదిలే అవకాశం ఎక్కువ. మీ టీమ్ లీడ్ వాట్సాప్‌లో "ఓకే" అన్నంత మాత్రాన సరిపోదు, ఒప్పందం ఎవరి అనుమతి కావాలందో వాళ్ల నుంచే రావాలి.

వద్దంటే? అప్పుడు కొత్తగా రాయాలి. క్లయింట్ పేరు మార్చి అదే పని పెట్టడం కాదు, వాళ్ల పరిశోధనలో తేలిన విషయం అందులో ఉంటే అది ఏ పేరుతో ఉన్నా వాళ్లదే. అందరికీ తెలిసిన సమస్య తీసుకో. ఉదాహరణకి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కట్టే ఒక ఊహా యాప్ అనుకుందాం. యూపీఐలో డబ్బు పోయింది, అసోసియేషన్‌కి చేరినట్టు కన్ఫర్మేషన్ రాలేదు. మామూలుగా కనిపించేది:

"లావాదేవీ విఫలమైంది. దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

ఖాతాలోంచి డబ్బు పోయిన మనిషికి మళ్లీ ప్రయత్నించమని చెప్తే రెండోసారి కడతాడు. దీన్ని ఇలా తిరగరాస్తా:

"₹2,500 మీ ఖాతా నుంచి వెళ్లింది, మాకు ఇంకా చేరలేదు. మళ్లీ కట్టకండి. చేరకపోతే 5 రోజుల్లో మీ ఖాతాకే తిరిగి వస్తుంది."

ఆ 5 రోజులు క్లయింట్ దగ్గర విన్నది కాదు. యూపీఐతో వ్యాపారికి కట్టినప్పుడు డబ్బు పోయి కన్ఫర్మేషన్ రాకపోతే 5 రోజుల్లో తిరిగి వెయ్యాలని, దాటితే రోజుకు ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్బీఐ 2019 సెప్టెంబర్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. నీ నమూనాలో ప్రతి అంకె పక్కనా అది ఎక్కడ దొరికిందో రాసుకో. బయట దొరకని అంకె ఒక్కటి ఉన్నా అది నీ క్లయింట్ నుంచి జారినదే, తీసెయ్. పేజీ పైన "ఇది అభ్యాసంగా రాసింది, ఏ క్లయింట్ పనీ కాదు" అని పెద్ద అక్షరాల్లో పెట్టు, లేకపోతే చూసేవాడు అసలు పనే అనుకుంటాడు, అది అబద్ధమవుతుంది.

అన్నా, ఇందులో నా ఫలితం ఎక్కడుంది అని అడుగుతావు. నిజమే, గ్రాఫు ఉండదు. కానీ నిన్ను తీసుకునే మనిషికి ఆ గ్రాఫు కన్నా "మళ్లీ ప్రయత్నించండి" అన్న మాట ఎందుకు తీసేశావో చెప్పగలగడమే ఎక్కువ. ఇంటర్వ్యూలో అసలు పని గురించి అడిగితే "ఎన్‌డీఏ ఉంది, క్లయింట్ ఎవరో చెప్పలేను, చెల్లింపుల మెసేజీలు రాశాను" అని ఆగిపో. అయితే పని సంబంధమే రహస్యమని నీ ఒప్పందంలో ఉంటే ఆ చివరి ముక్క కూడా వద్దు.

ఆ పేజీ తీశాక, లింక్డ్‌ఇన్‌లో అదే గ్రాఫు పెట్టావేమో కూడా చూసుకో. పెట్టి ఉంటే అదీ తీసెయ్. మెయిల్ డ్రాఫ్టు నాకు పంపు, క్లయింట్ పేరు ఉన్న జతపత్రం మాత్రం వద్దు. ఎన్‌డీఏ విషయంలో నేనూ బయటివాణ్ణే అనుకో.

మీ అన్న